కొటేషన్‌ని కాదనకండి, ఒప్పుకుని పడుకోండి

ప్రశ్న: మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ప్రతి సోమవారం పొద్దున్నే మేనేజరు గారు ఒక మోటివేషన్ కొటేషన్ పెడతారు. నేను దానికి బద్ధకం పేరడీ రాసి మా స్నేహితుల గ్రూపులో పెడుతుంటాను. ఒకటీ అరా పేలుతున్నాయి, మిగతావన్నీ తుస్సుమంటున్నాయి. మొన్న రాసింది చూడండి: "కష్టపడితే విజయం తప్పకుండా వస్తుంది, కానీ నాకు కష్టపడాలంటే బద్ధకం." ఒక్కరూ నవ్వలేదు. తేడా ఎక్కడ కొడుతోంది?

సమాధానం:

"కానీ" దగ్గర కొడుతోందండీ.

"కానీ" అనగానే మీరు కొటేషన్‌కి ఎదురు తిరుగుతున్నారని చదివేవాళ్లకి తెలిసిపోతుంది. రెండో సగం ఏ వైపు పోతుందో అక్కడే బయటపడింది. పైగా "బద్ధకం" అని మీరే పేరు పెట్టి మరీ చెప్పేశారు. ఇక వాళ్లు కనిపెట్టడానికి ఏం మిగిలింది? బద్ధకం అన్న మాట ఎక్కడా లేకుండా, "ఓరి వీడి బద్ధకం తగలెయ్య" అని చదివేవాళ్లు తమంతట తాము అనుకోవాలి. నవ్వు వచ్చేది అప్పుడు.

ఒక వారపత్రికలో పేజీ అడుగున మిగిలిపోయే ఖాళీల్లోకి హాస్యపు ముక్కలు రాయడం, వచ్చినవాటిలోంచి ఏరడం చాలాకాలం నా పనిగా ఉండేది. ఈ రకం వాక్యాలు రోజూ చేతికొచ్చేవి. పనికిరానివాటిలో ఎక్కువ భాగం కొటేషన్‌తో గొడవ పడేవే. పనికొచ్చినవి మాత్రం కొటేషన్‌ని మారుమాట లేకుండా ఒప్పుకునేవి. అది చెప్పిందంతా నిజమేనని తలూపి, అది చూపించిన దారిలోనే బుద్ధిగా నడిచి, తిన్నగా వెళ్లి మంచమెక్కేవి. అందుకని నేను చూసుకునేది ఒకటే. రెండు సగాల మధ్య "కానీ" పడుతోందా, "అందుకే" పడుతోందా? "అందుకే" పడితే వాక్యానికి ప్రాణం ఉన్నట్టు.

ఒకదాన్ని మొదటినుంచీ చేసి చూపిస్తాను. లావోజు మాటగా అందరూ చెప్పుకునేది తీసుకుందాం: "వెయ్యి మైళ్ల ప్రయాణమైనా ఒక్క అడుగుతోనే మొదలవుతుంది." మీ పద్ధతిలో రాస్తే ఇలా వస్తుంది:

"వెయ్యి మైళ్ల ప్రయాణమైనా ఒక్క అడుగుతోనే మొదలవుతుంది, కానీ ఆ ఒక్క అడుగు వెయ్యడానికి కూడా నాకు బద్ధకం."

ఇందులో కొత్త సంగతేమీ లేదు. మీకు బద్ధకమని తెలిసింది, అంతే. "బద్ధకం" తీసేసి చూద్దాం:

"వెయ్యి మైళ్ల ప్రయాణమైనా ఒక్క అడుగుతోనే మొదలవుతుంది. ఆ అడుగు రేపు వేస్తాను."

కాస్త నయం. బద్ధకం కనిపిస్తోంది, పేరు మాత్రం చెప్పలేదు. అయితే "రేపు" అనేది ఈ తరహా వాక్యాలన్నిటికీ మొదట తట్టే మాట. చదివేవాళ్లకీ అదే తడుతుంది కాబట్టి మీకంటే ముందే అక్కడికి చేరుకుని కూర్చుంటారు. ఇప్పుడు కొటేషన్‌ని నిజంగా ఒప్పుకుని చూద్దాం. ఒక్క అడుగు వేస్తే చాలు, వెయ్యి మైళ్లు మొదలైపోతాయి అంటోంది కదా. అంటే అది ప్రమాద హెచ్చరిక.

"వెయ్యి మైళ్ల ప్రయాణమైనా ఒక్క అడుగుతోనే మొదలవుతుంది. అందుకే ఆ అడుగు వెయ్యలేదు."

ఈ మనిషి కొటేషన్‌ని కాదనలేదు. మనందరికంటే శ్రద్ధగా చదివి, అర్థం చేసుకుని, జాగ్రత్త పడ్డాడు. ఇక్కడ "వెయ్యలేదు" బదులు "వెయ్యను" అని పెట్టి చూడండి, చప్పబడిపోతుంది. "వెయ్యను" అంటే పంతం, పైగా కాస్త గొప్పలు చెప్పుకున్నట్టు. "వెయ్యలేదు" అంటే జరిగిన సంగతి ఒప్పుకోవడం. ఈ వాక్యాల్లో మాట్లాడే మనిషి ఎప్పుడూ కోర్టులో నిజాయితీగా సాక్ష్యం చెప్పేవాడిలా ఉండాలి. వాడికి తను జోకు వేస్తున్నానని తెలియకూడదు.

మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి మలుపు మొత్తాన్ని ఆఖరి మాట మీద నిలబెట్టొచ్చు. మనకది పెద్ద సదుపాయం. దాన్ని పాడుచేసుకునేది ఆ ఆఖరి మాట తర్వాత ఇంకేదో తగిలించడం వల్ల. "వెయ్యలేదు హహహ", "వెయ్యలేదు, ఏమంటారు ఫ్రెండ్స్?", "వెయ్యలేదు" పక్కన నాలుగు నవ్వు బొమ్మలు. వెయ్యలేదు, చుక్క, అక్కడితో ఆపండి. బొమ్మగా చేసి పెడుతుంటే ఇంకో సంగతి. ఆఖరి ముక్క మొదటి వాక్యంతోపాటే ఒకే చూపులో కంటపడకుండా, కింది వరుసలోకి దింపండి.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. "కష్టపడితే విజయం తప్పకుండా వస్తుంది." ఇందులో ఒప్పుకోవడానికి పనికొచ్చే మాట ఏది? "తప్పకుండా." దాన్ని పట్టుకోండి:

"కష్టపడితే విజయం తప్పకుండా వస్తుంది. తప్పకుండా వచ్చేదానికి తొందరెందుకు?"

"అందుకే" పైకి కనబడట్లేదు, లోపల ఉంది. ప్రతి వాక్యంలోనూ ఆ మాట కనబడితే మూడోదానికల్లా అచ్చు తెలిసిపోతుంది. మధ్యలో పెట్టి సరిచూసుకోండి, తీసేసినా అర్థమవుతుంటే తీసేయండి. ఇంకో రెండు:

"తెల్లవారుజామున లేచేవాడికి రోజు పెద్దదవుతుంది. అంత పెద్ద రోజు పెట్టుకుని నేనేం చేసుకోను?"

"రేపటి పని ఇవాళే చెయ్యాలి. రేపు మధ్యాహ్నం పడుకునేది ఉంది, ఇప్పుడే కానిచ్చేస్తా."

రెండోదాంట్లో చూడండి, ఈ మనిషి సలహాని అక్షరాలా పాటిస్తున్నాడు. తప్పు పట్టడానికి ఎవరికీ సందు ఇవ్వలేదు.

ఇక నిజాయితీ సంగతి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు, ఎందుకంటే తప్పినా నవ్వు వస్తుంది. అబ్దుల్ కలాం గారి పేరుతో విపరీతంగా తిరిగే మాట ఒకటుంది కదా, నిద్రలో వచ్చేది కల కాదు, నిద్ర పట్టనివ్వనిదే కల అని. దీనికి తెలుగులో వెంటనే తట్టే పేరడీ: "నిద్ర పట్టనివ్వనిదే కల. మా ఇంట్లో దాన్ని దోమ అంటారు." నవ్వొస్తుంది, బాగానే ఉంది. కానీ ఇది మీరడిగిన రకం కాదు. ఇందులో మాట్లాడేవాడు తన గురించి ఏమీ ఒప్పుకోలేదు. దోమ కుడితే ఎవరికైనా నిద్ర పట్టదు. ఇది ఉత్త మాటల గారడీ, రెండోసారి చదివితే ఏమీ మిగలదు. ఇప్పుడు ఇది చూడండి:

"నిద్ర పట్టనివ్వనిదే నిజమైన కల. నాకు పడుకోగానే పట్టేస్తోంది."

ఇందులో గారడీ లేదు, దోమ లేదు, గమ్మత్తైన మాట ఒక్కటీ లేదు. కానీ ఇది ఒక ఒప్పుకోలు. నాకు పెద్ద ఆశయాలేమీ లేవు, హాయిగా నిద్రపడుతోంది అని ఒక మనిషి చెబుతున్నాడు. చదివేవాళ్లు ముందు నవ్వుతారు, ఆ తర్వాత తమకీ నిన్న రాత్రి పడుకోగానే పట్టేసిందని గుర్తుకొస్తుంది. గుర్తుకొచ్చిందంటే వాక్యం దక్కినట్టే. రాసిన ప్రతిదానికీ ఇది చూసుకోండి: రెండో సగాన్ని విడిగా తీసి, కొటేషన్ లేకుండా ఒక స్నేహితుడితో మామూలుగా చెప్పగలరా? "నాకు పడుకోగానే నిద్ర పట్టేస్తోంది" అని చెప్పొచ్చు. "మా ఇంట్లో దాన్ని దోమ అంటారు" అని విడిగా చెబితే అర్థమే లేదు. మొదటిది నిజం, రెండోది తోక.

నిజం అన్నాను గానీ, ఏదో ఒక నిజం సరిపోదు. చిన్నదిగా, కంటికి కనబడేదిగా ఉండాలి. "పని చెయ్యాలనిపించదు" అనేది నిజమే, కానీ గాలిలో ఉంది. "ఆలస్యం అమృతం విషం" అన్న సామెతనే తీసుకోండి. "ఆలస్యం అమృతం విషం. అయినా నేను ఆలస్యమే చేస్తాను" అంటే ఏమీ లేదు. ఆఫీసులో ఆలస్యం చేస్తే నిజంగా ఏం జరుగుతుందో ఆలోచించండి:

"ఆలస్యం అమృతం విషం. ఫైలైతే పక్క సీటుకి వెళ్తుంది."

ఏ ఆఫీసులో పనిచేసినవాళ్లకైనా ఆ పక్క సీటాయన మొహం కళ్లముందు మెదులుతుంది. ఎవరూ పైకి ఒప్పుకోని కిటుకు ఇది, అందరికీ తెలిసిన కిటుకు కూడా. ఇలాంటివి ఊహించి రాయలేరు. ఒక వారం రోజులు మీరు పని ఎలా వాయిదా వేస్తున్నారో మీరే గమనించుకుని ఫోన్లో రాసి పెట్టుకోండి. "లాప్‌టాప్ అప్‌డేట్ అవుతోందని అరగంట ఆనందపడ్డాను" లాంటివి దొరుకుతాయి. ఆ తర్వాత వాటికి సరిపడే కొటేషన్ వెతకండి. కొటేషన్ నుంచి బద్ధకం వైపు వెళ్లడం కంటే, దొరికిన బద్ధకానికి కొటేషన్ తొడగడమే తేలిక. మీరు సోమవారం కొటేషన్ వచ్చాక ఆలోచించడం మొదలుపెడుతున్నారు, అది కష్టమైన దారి.

కొటేషన్ ఎంపికలో నేను ఒక్కటే పట్టించుకుంటాను: సగం చెప్పగానే మిగతా సగం చదివేవాళ్లకి నోటికి వచ్చెయ్యాలి. మేనేజరు గారు పెట్టే నాలుగు లైన్ల ఇంగ్లీషు కొటేషన్, ఎవరో కార్పొరేట్ గురువుది, మీ స్నేహితులు ఎప్పుడూ వినలేదనుకోండి, దాన్ని తిప్పినా తిరిగినట్టు వాళ్లకి తెలియదు. అలాంటివి వచ్చిన వారం ఊరుకోండి, లేదా అదే అర్థమున్న సామెతకి మార్చుకోండి. సామెతల్ని ఇలా మెలిపెట్టడం ప్రపంచమంతా ఉన్నదే. వోల్ఫ్‌గాంగ్ మీడర్ అనే సామెతల పండితుడు 1982లో వీటికి జర్మన్‌లో ఒక పేరే పెట్టాడు, మన మాటల్లో ప్రతిసామెత అనుకోవచ్చు.

రూపం చెడగొట్టకూడదన్నదీ ఇందుకే. అమెరికాలో 1980లలో సక్సెసరీస్ అనే కంపెనీ ఆఫీసు గోడలకి పోస్టర్లు అమ్మడం మొదలుపెట్టింది. నల్ల అంచు, మధ్యలో కొండో సముద్రమో ఫొటో, కింద పెద్దక్షరాల్లో ఒక గుణం పేరు, దాని కింద ఒక వాక్యం. 1998లో డిస్పేర్ అనే ఇంకో కంపెనీ బయల్దేరి, అదే నల్ల అంచు, అదే అందమైన ఫొటో, అదే పెద్దక్షరాల పద్ధతి పెట్టి, కింది వాక్యం మాత్రం నీరుగార్చేది రాసి అమ్మింది. ఫొటోని వెక్కిరింతగా మార్చలేదు, వికారమైన అక్షరాలు వాడలేదు. దూరం నుంచి చూస్తే అసలుదే అనిపించాలి. మీరు కూడా మేనేజరు గారు వాడే సూర్యోదయం బొమ్మ, అదే గులాబీ పువ్వు, అదే "శుభోదయం" ఉంచండి. పేరడీ అని పైన రాయకండి.

కొన్ని కొటేషన్లు మాత్రం తిరగవు. "నిదానమే ప్రధానం" అన్నది అప్పటికే బద్ధకస్తుడి పక్షం, తిప్పడానికి ఏముంది? అలాగే "ఓటమి గెలుపుకి తొలిమెట్టు" ఉంది, దీనికి ప్రతివాడికీ లిఫ్టే తడుతుంది. "నేను లిఫ్ట్ కోసం చూస్తున్నాను" అని ఇప్పటికి ఎన్ని గ్రూపుల్లో చూసి ఉంటారో మీకే తెలుసు. "కష్టం రేపు ఫలిస్తుంది, బద్ధకం ఇవాళే ఫలిస్తుంది" అన్నదీ అంతే, ఇంగ్లీషులో ఎప్పటినుంచో తిరుగుతున్నదే. మంచిదే, అయినా అరిగిపోయింది. మొదట తట్టినదాన్ని కాగితం మీద రాసి పక్కన పెట్టి, అది కాకుండా ఇంకేముందో చూడండి. మెట్లు వదలకుండా ఇంకాస్త ముందుకెళ్తే: "ఓటమి గెలుపుకి తొలిమెట్టు. ఆ మెట్టు మీదే కుర్చీ వేసుకున్నాను." లిఫ్ట్ వాడికి ఇంకా పైకి వెళ్లాలనే ఆశ ఉంది. కుర్చీ వేసుకున్నవాడిది అసలైన నిజాయితీ.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను, ఈ వాక్యాలు "నేను"లోనే ఉండాలి. "నువ్వు ఎంత కష్టపడినా ఏమీ రాదు" అని రాస్తే అది బద్ధకం కాదు, ఎదుటివాడి మీద నీళ్లు చల్లడం. గ్రూపులో ఎవరో ఒకరు పోటీ పరీక్షలకి చదువుతూ ఉండొచ్చు, ఎవరికో మొన్ననే ఉద్యోగం పోయి ఉండొచ్చు. "నాకు పడుకోగానే పట్టేస్తోంది" అంటే వాళ్లకి ఏమీ కాదు, వాళ్లూ నవ్వుతారు. మన పేరడీల్లో పెద్దవాడు జరుక్‌శాస్త్రి శ్రీశ్రీ గేయపు నడకని తీసుకుని, అందులోకి కిళ్లీకొట్టు పాతబాకీ ఎగ్గొట్టినవాణ్ణి దించాడు. ప్రపంచం కోసం తనను తాను ధారపోసే "నేను" ఉన్న చోటే బాకీ ఎగ్గొట్టే "నేను"ని నిలబెట్టాడు. మూలంలోని "నేను" ఎంత ఎత్తున ఉంటే పేరడీలోని "నేను" అంత నవ్వు పుట్టిస్తాడు. దాన్ని "వాడు" అని మార్చితే పక్కవాడి మీద చాడీ అయ్యేది.

ఇదే కారణంగా మేనేజరు గారి మీద రాయకండి. ఆయన పెట్టిన కొటేషన్‌ని తిప్పడం వేరు, ఆయన్ని తిప్పడం వేరు. స్క్రీన్‌షాట్ అనేది ఏ గ్రూపులోంచి ఏ గ్రూపులోకి వెళ్తుందో ఎవరికీ తెలియదు. మొత్తం మీ బద్ధకం గురించే ఉన్న వాక్యం ఆయన కంటపడినా మహా అయితే ఆయనా నవ్వుతారు. ఇంకొకటి, తిప్పిన వాక్యాన్ని కలాం గారి ఫొటో కింద, వివేకానందుడి ఫొటో కింద పెట్టకండి. నాలుగు ఫార్వర్డ్‌ల తర్వాత అది పేరడీ అన్న సంగతి ఊడిపోయి, ఆయన అన్న మాటగానే మిగిలిపోతుంది. అసలు మాటలకే ఎవరివో తెలియని పేర్లు తగిలించుకుని తిరుగుతున్న రోజులివి.

పేలిందో లేదో నవ్వు బొమ్మల్ని బట్టి చూడకండి. అవి మర్యాదకి కూడా పెడతారు. "ఇది మా తమ్ముడే", "నా గురించి నీకెవరు చెప్పారు" అని ఎవరైనా రాస్తే పేలినట్టు. ఎవరైనా కింద తమ సొంత నిజం ఒకటి కలిపితే ఇంకా బాగా పేలినట్టు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. పొట్ట మాత్రం కరగట్లేదు" అని ఒకసారి మా బంధువుల గ్రూపులో పెడితే, ఎప్పుడూ మాట్లాడని మా బాబాయి తన నడుం కొలత రాశాడు. దాన్ని మించిన మెప్పు ఉండదు. "అర్థం కాలేదు" అని ఎవరైనా అడిగితే మాత్రం వివరించకండి, తీసేసి ఇంకోటి రాసుకోండి.

ప్రతి సోమవారం పెట్టాలన్న నియమం కూడా వదిలేయండి. వారం వారం వస్తుందని తెలిస్తే మీ స్నేహితులు మలుపు కోసం కాచుకుని కూర్చుంటారు, కాచుకున్నవాళ్లని పట్టుకోవడం కష్టం. రెండు వారాలు అసలు కొటేషన్‌నే ఏమీ మార్చకుండా పెట్టి, మూడోవారం తిప్పిందాన్ని పెట్టండి. పొద్దున్నే కాకుండా భోజనాలయ్యాక మూడింటికి పెట్టి చూడండి, ఆ వేళకి అందరూ మీ పక్షానే ఉంటారు. వచ్చే సోమవారం మీ మేనేజరు గారు ఏం పంపారో ఇక్కడ రాయండి, అందులో ఒప్పుకోవడానికి ఏ మాట దొరుకుతుందో చూద్దాం.